ఒళ్లునొప్పులే ఆత్యా

సాంగ్లీలో పసుపు గోదాము పైఅంతస్తులో వైజయంతి నడిపే ఆడవాళ్ల జిమ్‌లో కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం ఆమెను తిట్టుకోకుండా ఉండరు. బ్యాంకులో పనిచేసే శోభాతాయి అయితే మొహం మీదే తిట్టింది.

"నీ స్క్వాట్లు పాడుగాను! పొద్దున మెట్లు దిగలేక వెనక్కి తిరిగి దిగాను. మా అత్తగారు చూసి, కోడలికి గాలి సోకిందని నిమ్మకాయలు తెప్పించింది."

జిమ్మంతా గొల్లున నవ్వింది. వైజయంతి మాత్రం నవ్వలేదు. నొప్పి మాట వింటే ఆవిడ మొహం పోలీసు స్టేషన్ అయిపోతుంది.

"రెండు తొడలా, ఒకటేనా?"

"రెండూ."

"చేస్తుండగానే మొదలైందా, మర్నాడా?"

"చేస్తున్నప్పుడు ఏమీ లేదు. మర్నాడు లేచేసరికి కొయ్యబారిపోయాను."

"నడుస్తుంటే?"

"పోను పోను కాస్త సడలుతోంది."

"నొప్పి ఎక్కడో వేలితో చూపించు."

శోభాతాయికి వేలు పెట్టడానికి ఒక చోటంటూ దొరకలేదు. అరచేత్తో తొడంతా రాసి చూపించింది.

"ఏం లేదు. కండకి కొత్త పని చెప్పాం, అలిగింది. రేపో ఎల్లుండో దిగిపోతుంది. ఇవాళ బరువులు ముట్టుకోకు, ఊరికే నడువు."

అదే ఒక్క పక్కనే నొప్పి అన్నా, చేస్తుండగా కలుక్కుమంది అన్నా, వేలితో ఇదిగో ఇక్కడ అని చూపించినా, నిద్రలో మెలకువ వస్తోంది అన్నా ఇక వాదన లేదు. చెప్పులు వేసుకుని నేరుగా డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. బతిమాలినా ఏడ్చినా డాక్టరు సరేననేదాకా జిమ్ గడప తొక్కనివ్వదు. కబడ్డీ ఆడే రోజుల్లో ఆమె మోకాలి నొప్పిని కోచ్ ఒళ్లునొప్పులని కొట్టిపారేశాడు. ఆమె ఆడింది. మోకాలు పోయింది, దానితో ఆట ముగిసింది. తన చేతి కింద ఇంకో ఆడపిల్లకి ఆ గతి పట్టకూడదని ఆమె పట్టుదల. పట్టుదలలో తప్పేమీ లేదు. కానీ ఆ చెప్పులు వేసుకోమనే మాటంటే అక్కడ అందరికీ హడలు.

వైజయంతి అన్న కూతురు సాయలీ ఈ మాటల మధ్యే పెరిగింది. తల్లీ తండ్రీ పోయాక, ఆత్యా అని పిలిచే ఈ మేనత్త దగ్గరికి వచ్చిన పిల్ల బడి నుంచి రాగానే జిమ్‌లో తువ్వాళ్లు మడతపెడుతూ ఆ ప్రశ్నలన్నీ వినేది. బరువులు మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. చదువు, ట్యూషన్లు, పోలీసు ఉద్యోగం కావాలన్న పిచ్చి, అంతే. ఈసారి నియామకాలు పడ్డాయి. వయసు దాటిపోతోంది కాబట్టి ఇదే ఆఖరు అవకాశం. ముందు పరుగు, గుండు విసరడం నెగ్గితేనే రాతపరీక్ష. అప్పుడు వచ్చి ఆత్యా ముందు నిలబడింది.

"నన్ను తయారు చెయ్యి. దయ చూపించకు."

"దయా? నా దగ్గరెప్పుడైనా చూశావా?" అంది వైజయంతి. లోపల మాత్రం పొంగిపోయింది.

పొద్దున మైదానంలో పరుగు, సాయంత్రం జిమ్. కూర్చున్న చోటి నుంచి లేవని పిల్ల ఒక్కసారిగా పరుగెత్తసాగింది. ఒళ్లు తేలిక కావాలని జొన్నరొట్టె, భాకరీ, సగం తుంచి గిన్నెలో వదిలేసేది. వైజయంతి తిట్టేది, పిల్ల నవ్వేసేది. మొదటి వారం సాయలీ కూడా అందరిలాగే మూలిగింది, అందరిలాగే తేరుకుంది. ఆ నొప్పి నిజంగానే ఒళ్లునొప్పి.

మూడో వారంలో వైజయంతి ఒకటి గమనించింది. సాయలీ మెట్లెక్కేటప్పుడు ప్రతి మెట్టు మీదా కుడికాలే ముందు వేస్తోంది, ఎడమకాలు దాని పక్కకి చేరుస్తోంది.

"ఏమే, చంటిపిల్లలా ఎక్కుతున్నావు?"

"ఒళ్లునొప్పులే ఆత్యా. నిన్న కొత్తగా మోకాళ్లు వంచే అడుగులు వేయించావుగా."

"రెండు వైపులా?"

"రెండు వైపులా."

"చేస్తుండగానా?"

"ఊహూ. పొద్దున లేచాక."

"నడుస్తుంటే?"

"సడలుతోంది."

"వేలితో చూపించు."

సాయలీ అరచేత్తో రెండు తొడలూ రాసి చూపించింది. తనకి అనుమానం వచ్చినవాళ్లని వైజయంతి ఒంటికాలి మీద నిలబెట్టి చిన్నగా గెంతిస్తుంది, ఎముకలో తేడా ఉంటే మొహం చెప్పేస్తుందని. సాయలీని గెంతించలేదు. జవాబులు అంత శుభ్రంగా ఉంటే అనుమానం ఎందుకొస్తుంది? పైగా అది ఇంటి పిల్ల.

ఆ మర్నాడూ అదే అడిగింది, అవే జవాబులు వచ్చాయి. ఆ ఆదివారం మైదానంలో గడియారం పట్టుకుని వైజయంతి గీత దగ్గర నిలబడింది. సాయలీ మలుపు తిరిగింది. ఎవరూ తగల్లేదు, రాయి లేదు, గుంట లేదు. ఉన్నట్టుండి కూలిపోయింది. వైజయంతి పరుగెత్తుకెళ్లేసరికి ఎడమకాలు కురచై, పాదం పక్కకి వాలిపోయి ఉంది. ఆమె గడియారం వదిలేసి ఆటో కోసం కేక పెట్టింది.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే దీపానికి పెట్టి చూపించాడు.

"తుంటి దగ్గర తొడ ఎముక మెడ. ఇవాళ విరిగింది కాదమ్మా ఇది. సన్నటి పగులు ముందే పడింది. తిండి చాలని ఒంటి మీద హఠాత్తుగా ఇంత పరుగు పడితే ఇలాగే అవుతుంది. గజ్జల్లో నొప్పని చెప్పలేదా?"

"తొడలని చెప్పింది. రెండు తొడలని."

"పగులుగా ఉన్నప్పుడే వచ్చుంటే కాలు మోపనివ్వకుండా కొన్నాళ్లు ఉంచితే బహుశా దానంతటదే అతుక్కునేది. ఇప్పుడు ఎముక జరిగిపోయింది. వెంటనే స్క్రూలు వెయ్యాలి. అతుక్కున్నా పైముక్కకి రక్తం అందుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను. పోలీసు పరుగు మాత్రం మరిచిపోండి."

ఆపరేషన్ గదికి తీసుకెళ్లేముందు వైజయంతి స్ట్రెచర్ కమ్మీ పట్టుకుంది.

"ఎప్పట్నుంచే?"

"పది రోజులయింది ఆత్యా. ఎడమ గజ్జలో. వేలంత చోటు. పరుగెత్తితే పొడిచేది. రాత్రిళ్లు లేపేసేది."

"మరి నాతో?"

సాయలీ పైకప్పు వైపు చూసింది. కళ్ల కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి.

"నిజం చెబితే చెప్పులు వేసుకోమంటావు కదా. నువ్వేం అడుగుతావో, ఏ జవాబుకి వదిలేస్తావో చిన్నప్పట్నుంచీ వింటున్నా. అన్నీ నాకు నోటికొచ్చు."

వైజయంతి పిల్ల మీద కోపం తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. ఆడపిల్లల కాళ్లు కాపాడాలని పోగేసుకున్న ప్రశ్నలవి. తన మాటలే తన కళ్లు కప్పాయి. గోడకి ఆనుకుని, ఎవరు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా భోరుమంది.

స్క్రూలు పడ్డాయి. పరుగు పరీక్ష రోజు వచ్చింది, వెళ్లిపోయింది. ఆ పొద్దున ఇంట్లో ఇద్దరూ గడియారం వైపు చూడలేదు. సాయలీ చంకకర్రల మీద వంటింటి దాకా వచ్చి స్టూలు అంచున కూర్చుంది. కూర్చుంటున్నప్పుడు పెదవి కొరికినట్టయింది, కొరకనట్టూ అయింది.

వైజయంతి పొయ్యి మీది భాకరీ వదిలేసి తిరిగింది.

"నొప్పిగా ఉందా?"

"లేదాత్యా," అంది సాయలీ నవ్వుతూ.

ఆ నవ్వులోకి వైజయంతి చాలాసేపు చూసింది. ఊళ్లో ఏ ఆడమనిషి నొప్పయినా నాలుగు మాటల్లో తేల్చేసే ఆమెకి, ఎదురుగా కూర్చున్న తన పిల్లకి నొప్పి ఉందో లేదో తెలియలేదు. ఇంకేం అడగాలో కూడా తోచలేదు. వెనక పెనం మీద భాకరీ మాడిపోతోంది.