అయిదు గుండ్రాలు

మా కంపెనీలో అయిదుగురం. పాల క్యాను వేడెక్కగానే డెయిరీకి కబురు పంపే చిన్న పరికరం తయారు చేస్తాం. శుక్రవారం పెట్టుబడిదారుల ముందు చూపించాల్సిన స్లైడ్లన్నీ నావే. అందులో పదకొండోది మా పరిచయం. ఒకే కొలత గుండ్రాల్లో అయిదు ముఖాలు, కింద పేరు, పేరు కింద మూడు మాటలకు మించని పని. చివరి గుండ్రం కింద ‘కేతకీ నరవణే, డిజైన్ హెడ్’ అని టైపు చేసి, ఆ రెండో ముక్క వంక చాలాసేపు చూసుకున్నాను. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే. పర్మనెంట్ కావడానికి ఇంకా రెండు నెలలుంది.

"ఆ స్లైడ్‌లో ఎవరుంటే వాళ్లే కంపెనీ," అన్నాడు మా బాస్ మందార్, నేను చేరిన మొదట్లోనే. నాకు ముందున్న డిజైనర్ గురించి కూడా చెప్పాడు. "మంచి పిల్లే. కడుపుతో ఉండి సెలవు పెట్టింది. మనలాంటి చిన్నవాళ్లకు అది కుదరదు కదా, కేతకీ!"

కుదరదన్నాను, బుద్ధిలేక. అప్పటికే నాకు మూడో నెల.

మిగతా నలుగురూ పుణేలో, నేను నాసిక్‌లో ఇంటినుంచే పని. తెరమీద నేను మెడ వరకే ఉంటాను కాబట్టి ఏడో నెల దాకా నెట్టుకొచ్చాను. కానీ పరిచయం స్లైడ్‌కి మంచి కెమెరాతో తీసిన ఫొటో కావాలి. నా దగ్గరున్నది ఒక్కటే, పోయిన ఆదివారం మా అత్తగారు చేసిన డోహాళే జేవణ్‌లో, అదే సీమంతంలో, తీసింది. ఆకుపచ్చ చీర, పూల ఉయ్యాల, చేతిలో పూల విల్లు, విల్లు వెనక నా పొట్ట. తలకి పూలు కట్టకముందు తీసింది కదా అని ముఖాన్ని బాగా దగ్గరికి లాగి, గడ్డం దగ్గరికే కత్తిరించి గుండ్రంలో పెట్టాను.

స్లైడ్‌లో కత్తిరించిన ఫొటో నిజంగా తెగదు. మిగతా భాగం దాని వెనకే ఉంటుంది, రెండుసార్లు నొక్కితే బయటికొస్తుంది. కత్తిరించిన ముక్కను విడిగా సేవ్ చేసి పెట్టమని ఊరందరికీ చెప్పే మనిషిని, నా ఫొటో దగ్గర బద్ధకించాను.

బుధవారం మధ్యాహ్నం వీడియో కాల్‌లో అందరం ఆ ఫైలే తెరిచి మాట్లాడుకుంటున్నాం.

"గుండ్రాలు సమానమే గానీ ముఖాలు సమానంగా లేవే," అన్నాడు మందార్. "కేతకీ ముఖం మా అందరికంటే పెద్దది."

"హెడ్ కదా మరి! తల పెద్దదే ఉండాలి," అన్నాడు ఇంజనీరు సుజయ్.

అందరూ నవ్వారు. "నేను సరిచేస్తాను సర్, అయిదు నిమిషాలివ్వండి."

"నువ్వు నేర్పిందేగా, నేనే చేస్తాను. కళ్లన్నీ ఒకే గీత మీదికి రావాలి, అంతేగా?"

అతని పేరున్న నీలం బాణం మొదటి గుండ్రం మీద వాలింది. రెండు నొక్కులు. ఫొటో మొత్తం మసగ్గా బయటపడింది, ముఖం సర్దుకుంది, మళ్లీ గుండ్రంలోకి పోయింది. రెండోది సుజయ్‌ది. పక్కన కత్తిరించిన మామగారి భుజం కనబడితే మళ్లీ నవ్వులు. నా ముఖం మటుకే ఉన్న ముక్కను సేవ్ చేశాను. మూడోది అయింది. ఫైలులోకి ఎక్కించబోతే చక్రం తిరుగుతూనే ఉంది. నాలుగోది. లోపల బిడ్డ ఒక్క తన్ను తన్నింది. పాత ఫొటోనైనా తీసిపారేద్దామని దానిమీదికి వెళ్లేసరికి నీలం బాణం అక్కడే ఉంది.

రెండు నొక్కులు.

ఆకుపచ్చ చీర, ఉయ్యాల, విల్లు, పొట్ట. ఆ విల్లు దేనికో మరాఠీ వాళ్లకు చెప్పక్కర్లేదు.

"అరే, కేతకీ..." అన్నాడు సుజయ్.

ఎవరూ నవ్వలేదు. మందార్ నా ముఖాన్ని మెల్లగా చిన్నది చేసి, కళ్లను గీత మీదికి తెచ్చి, పక్కన నొక్కాడు. గుండ్రం మూసుకుంది.

"అభినందనలు," అన్నాడు. "ఎన్నో నెల?"

"ఏడు సర్. చెబుదామనే..."

"ఆరోగ్యం చూసుకో. మిగతావి తర్వాత మాట్లాడదాం." తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయాడు. అరిచి ఉంటే నాకింత భయం వేసేది కాదు.

ఆ రాత్రి మా ఆయన పడుకోమంటే పడుకున్నాను గానీ కన్ను మూతపడలేదు. పొద్దున అటుకుల పోహే పళ్లెం పక్కన పెట్టుకుని ఫైలు తెరిచాను. పదకొండో స్లైడ్‌లో నాలుగు గుండ్రాలున్నాయి. సుజయ్ పేరు కింద ‘ఇంజనీరింగ్, డిజైన్’ అని ఉంది.

నాలుగో గుండ్రం పక్కన ఖాళీ ఏమైనా మిగిలిందేమోనని వెతికాను. లేదు. అన్నిటి మధ్యా ఒకటే దూరం, అటూ ఇటూ ఒకటే అంచు. ఒకటి తీసేస్తే మిగతావాటిని ఎలా సర్దాలో మందార్‌కి నేర్పింది నేనే.