ఒలిచిన విత్తనం

కరోనాకు ముందటేడు మృగశిర కార్తెలో ఒక పెద్ద వాన పడింది. మాది బంగారుపాళ్యానికి నాలుగు మైళ్ళ లోపలి ఊరు. చుట్టూ ఎక్కువమందివి మామిడితోటలే అయినా, మాకు మాత్రం మూడెకరాల మెట్టచేను ఉంది. అందులో ఏటా వేరుశనగే. ఆ వానకు చేలో జానెడు లోతున తడి దిగింది. నేను పలుగుతో తవ్వి చూసి, ఇక ఆగే పనిలేదని, ఐదు మూటల విత్తనకాయలు నడవలో గుమ్మరించి ఆడవాళ్ళను పిలిచి ఒలిపించాను.

అదే నేను చేసిన తప్పు. డెబ్బై రెండేళ్ళు వచ్చినా చేశాను.

కాయ కాయగా ఉన్నంతకాలం విత్తనానికి ఏమీ కాదు. పై పెచ్చు దానికి ఇల్లు. పెచ్చు తీసేశాక పప్పు గాలికి, పురుక్కు, ఎండకు బయటపడుతుంది. వారం పది రోజుల్లో నేలలో పడాలి. లేదంటే రోజురోజుకూ మొలిచే సత్తువ పోతుంది. మళ్ళీ పెచ్చులో పెట్టలేం కదా. మేము ఒలవడం ముగించేసరికి నా కొడుకు గంగాధరం గొర్రు బాగు చేయించి తెచ్చాడు. మరుసటి రోజు నుంచి ఎండ. ఆ వాన ఆవిరై పోయింది. ఆరుద్ర పోయింది, పునర్వసు పోయింది, పైకి చూస్తే తెల్లమబ్బులు పడమటి నుంచి తూర్పుకు పరుగులు తీయడమే తప్ప ఒక్క చినుకు రాల్చలేదు.

ఆ ఆరువారాలూ నేను ఒకచోట కూర్చోలేదు. పొద్దున లేస్తే చేతికి చీపురు రాకముందే మూటల దగ్గరికి పోయేదాన్ని. పిడికెడు తీసి వాసన చూసేదాన్ని. వారానికొకసారి పది పప్పులు తడిగుడ్డలో కట్టి, కుండ చాటున పెట్టి, నాలుగో రోజు విప్పి చూసేదాన్ని. మొదటిసారి పదికి పదీ మొలిచాయి. తర్వాత తొమ్మిది. తర్వాత ఎనిమిది. జూలై మూడో వారానికి ఏడు. కోడలు నవ్వుతూ, అత్తా, మాటిమాటికీ విప్పి చూస్తే మొలకలకు సిగ్గేస్తుంది అనింది. నాకు నవ్వు రాలేదు. ఆ విత్తనం మా మామగారి కాలం నుంచి మా ఇంట్లోనే తిరుగుతోంది. బయటి విత్తనం మేము కొన్నది లేదు. ఈ ఐదు మూటలూ చెడిపోతే ఆ వరస తెగిపోతుంది, అదీ నా చేతుల మీదుగా.

గంగాధరం ఒకరోజు తేల్చేశాడు. పప్పును గానుగకు తోలేసి చేలో ఉలవలు చల్లుకుందాం, ఉలవకు పెద్ద వానలు అక్కర్లేదు అన్నాడు. శనివారం రేవతి వస్తుంది, ఆమెను అడుగుదాం అన్నాను.

రేవతి వాడి కూతురు. తిరుపతిలో వ్యవసాయ పరిశోధన చేసే చోట వాతావరణ విభాగంలో చేరి అప్పటికి ఏడాది. పొద్దున్నే వానకొలత గిన్నె చూస్తుంది, గాలి, ఎండ రాసుకుంటుంది. మంగళవారం, శుక్రవారం రైతులకు ఫలానా పని చేయండి, ఫలానా పని ఆపండి అని కబురు తయారుచేసి పంపుతుంది. ఇంటికి వస్తే మాత్రం ఉద్యోగం సంచిలో పెట్టేసి పచ్చిపులుసు అడుగుతుంది.

ఆ శనివారం పులుసుకు చింతపండు నానుతుండగానే ఆమెను మూటల దగ్గరికి లాక్కొచ్చాను. ఫోనులో ఒక బొమ్మ చూపించింది. మన దేశం కింద ఉన్న సముద్రమంతా అందులో ఉంది. పడమట ఆఫ్రికా పక్క ఎర్రగా, తూర్పున సుమత్రా దీవి పక్క నీలంగా రంగులు. ఎరుపు అంటే ఎప్పుడూ ఉండేదాని కన్నా వెచ్చని నీళ్ళట, నీలం అంటే చల్లని నీళ్ళట. బడిలో పిల్లలు ఇటొకరూ అటొకరూ కూర్చుని ఊగే బల్ల ఉంటుందే, అట్లా అవ్వా అని చెప్పింది. ఒక పక్క లేస్తే ఒక పక్క దిగుతుంది. కొన్నేళ్ళు పడమర వెచ్చన, కొన్నేళ్ళు తూర్పు వెచ్చన, చాలా ఏళ్ళు రెండూ సమానం.

ఎంత తేడా అని అడిగాను. డిగ్రీ, డిగ్రీన్నర అనింది.

“ఒక్క డిగ్రీకి సముద్రానికేమవుతుందే? బిందెలో నీళ్ళయితే చెయ్యి పెట్టినా తెలీదు.”

“నీకు ఒక డిగ్రీ ఎక్కితే పండుకుంటావు కదవ్వా. అంత పెద్ద సముద్రానికి ఎక్కితే మబ్బులు తావు మారుస్తాయి.”

తర్వాత నిదానంగా విప్పి చెప్పింది. ఈ ఏడు అక్కడ సముద్రం మీద గాలి తూర్పు నుంచి పడమరకు గట్టిగా వీస్తూ వెచ్చని పైనీళ్ళను ఆఫ్రికా వైపు తోస్తోంది. సుమత్రా దగ్గర పైనీళ్ళు జరిగిపోయినచోట అడుగు నుంచి చల్లనీళ్ళు లేస్తున్నాయి. వెచ్చగా ఉన్నచోట గాలి పైకి లేచి మబ్బు కడుతుంది. చల్లగా ఉన్నచోట గాలి కిందికి దిగి మబ్బును అణుస్తుంది. పడమటి సముద్రం వెచ్చనైతే మన దేశానికి వచ్చే గాలులకు తడి ఎక్కువ దొరుకుతుంది. అయితే మన సీమకు పడమటి కొండలు అడ్డం, మిగతా చోట్ల పడినంత మనకు పడదు. ఇంకో మాట కూడా చెప్పింది. ఈ బల్ల జూన్‌లో ఒరగడం మొదలుపెడితే, నిండా ఒరిగేది సెప్టెంబరు తర్వాతే. అందుకే ముందు ఎండి, వెనక వాన ఎక్కువ కావచ్చు.

నేను ఊరుకోలేదు. మూడేళ్ళ కింద ఆగస్టులో చేలు కాలిపోయి, కార్తీకంలోనూ చినుకు లేక మామిడిచెట్లకు ఊళ్ళోవాళ్ళు ట్యాంకర్లతో నీళ్ళు పోశారే, అప్పుడెట్లా ఉండింది అని అడిగాను. ఆమె వెతికి, అప్పుడు బల్ల అటు తిరిగి ఉంది, తూర్పే వెచ్చన అనింది. నువ్వు పుట్టిన ఏడు వానలు దండిగా పడ్డాయే అన్నాను. అప్పుడు పడమర వెచ్చనట. నువ్వు మూడేళ్ళ పిల్లప్పుడు అందరూ కరువని ఏడుస్తుంటే సెప్టెంబరులో పట్టుకున్న వాన డిసెంబరు దాకా విడవలేదే అన్నాను. రేవతి ఫోను మీద నుంచి తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. ఆ ఏడు పడమర బాగా వెచ్చన, చాలా పెద్ద ఊపు అనింది. నా జ్ఞాపకంలో ఉన్న ఏళ్ళు ఆమె పట్టీలో ఉన్నాయి. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

గంగాధరం మాత్రం మెత్తబడలేదు.

“నీ మాట నమ్మి విత్తితే వాన పడతాదని రాసిస్తావా పాపా?”

“రాసియ్యను నాయనా. ఐదు దినాల వాన చెప్పమంటే చెప్తా. ఇది మూడు నెలల మాట. పడేదానికే మొగ్గు ఎక్కువ అంటాండా, అంతే.”

అయినా పొడిదుక్కిలో విత్తొద్దు, ముందు నేల తడవనీ అనింది. అప్పుడు నాకు డిసెంబరు దాకా వాన విడవని ఆ పాత ఏటి సంగతి ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ ఏడు పంట వచ్చింది కానీ, విత్తనానికి సరిపడా తప్ప ఇంటికి రాలేదు. పీకే వేళకు ముసురు పట్టి, కాయలు నేలలోనే మొలకలెత్తాయి. ఆ మాట చెప్పేసరికి రేవతి ముఖంలో నవ్వు పోయింది. అదే నాకూ భయం అవ్వా అనింది. పడమర వెచ్చనైన ఏళ్ళలో బంగాళాఖాతం నుంచి వచ్చే తూర్పు వానలు కూడా మనకు ఎక్కువే పడుతుంటాయి. పంట పండించే బల్లే పంట ముంచగలదు. మనది వంద రోజుల్లోపు వచ్చే కాయ కాబట్టి, జూలై దాటకుండా విత్తగలిగితేనే గట్టెక్కుతాం అని లెక్క చెప్పింది. చేతిలో ఉన్నవి పదకొండు రోజులు.

పక్క చేను మునిప్రసాద్ గడప దగ్గర నిలబడి ఎగతాళి చేసేవాడు.

“ఏమత్తా, మీ మనవరాలు సముద్రంలో సూసి మెట్టచేలో విత్తిస్తా ఉండాదంట. ఉప్పు రేటు కూడా చెప్పిందా?”

“చెప్పిందిరా. నీకు లేనిది అదే కదా, ఒక మూట తెప్పిస్తాలే” అన్నాను. నోరైతే జవాబిచ్చింది కానీ ఆ వారం తడిగుడ్డ విప్పితే ఆరే మొలిచాయి.

జూలై ముప్పయ్యిన మధ్యాహ్నం నల్లగా కమ్ముకొచ్చి గంటన్నర కురిసింది. మరుసటి రోజు తెల్లవారేసరికి ఎడ్లు చేలో ఉన్నాయి. పదికి ఆరే మొలిచే విత్తనం కాబట్టి ఒత్తుగా వేయాలి. అందుకే మూడెకరాలకు చాలక రెండెకరాలతో ఆపేశాం. మిగిలిన ఎకరం గంగాధరం పట్టుబట్టి ఉలవలకు ఉంచుకున్నాడు. ఉంచుకోనీలే అనుకున్నాను. వాడి భయం వాడికి ఉండాలి.

మొలకలు వచ్చాక పద్దెనిమిది రోజులు చినుకు లేదు. పొద్దున పచ్చగా ఉన్న ఆకు మధ్యాహ్నానికి ముడుచుకునేది. రోజుకు రెండుసార్లు రేవతికి ఫోను చేసేదాన్ని. వాన ఎప్పుడని అడగకుండా సముద్రం ఎట్లా ఉంది అని అడిగేదాన్ని. ఇంకా ఒరుగుతోంది అవ్వా అనేది. ఆమె గొంతులోనూ కంగారు వినిపించేది. తర్వాత ఆగస్టు చివర ఒక వాన, సెప్టెంబరులో నాలుగు, అక్టోబరులో లెక్కపెట్టడం మానేశాను. ఊడలు నేలలోకి దిగి కాయ కట్టింది. చూసి మునిప్రసాద్ కూడా నోరు మూసుకున్నాడు. వాడు మాకంటే రెండు వారాలు వెనక విత్తాడు.

నవంబరు నాలుగో తేదీ సోమవారం. రేవతి అడగకుండానే ఫోను చేసింది. బంగాళాఖాతంలో అల్పపీడనం కడుతోందని, గురువారం నుంచి ముసురు పట్టేలా ఉందని, వెంటనే పీకేయమని చెప్పింది. గంగాధరం ఎగిరిపడ్డాడు. ఇంకో ఆరు రోజులుంటే పప్పు నిండుతుంది, ఇంత వేగిరపడి తాలు చేసుకోవాలా అన్నాడు. నేను చేలోకి పోయి నాలుగు మూలల నుంచీ పది కాయలు పీకి చిదిపాను. పప్పు ముదిరితే పెచ్చు లోపలి వైపు నల్లబడుతుంది. పదిలో ఏడు నల్లగా ఉన్నాయి. మూడు ఇంకా తెల్లనే.

ఆ మూడింటి కోసం ఏడింటిని నేలలో ఉంచాలా? పాత ఏడు మా ఆయన అదే చేశాడు. ఇంకో నాలుగు రోజులు అన్నాడు. నేను అప్పుడు ఎదురు చెప్పలేదు.

“పీకండ్రా” అన్నాను. “తాలు పోతే పోనీ.”

మామూలుగా పీకిన చెట్టును చేలోనే ఎండబెట్టి తర్వాత కాయ కోస్తాం. అంత వ్యవధి లేదు. మంగళ, బుధవారాల్లో పద్నాలుగు మంది ఆడవాళ్ళం పచ్చిచెట్ల నుంచే కాయలు తెంపాం. ఇంట్లో నడవ, గదులు, మంచాల కింద అంతా కాయలే. పొయ్యి దగ్గరికి పోవాలంటే కాళ్ళతో దారి చేసుకుంటూ పోవాలి. ఉన్న ఫ్యాన్లన్నీ తిప్పి, పూటకొకసారి తిరగేశాం. గురువారం రాలేదు వాన. గంగాధరం నా వైపు చూడకుండా అన్నం తిన్నాడు. శుక్రవారమూ రాలేదు. శనివారం పొద్దున మొదలైంది, తొమ్మిది రోజులు విడవలేదు.

మునిప్రసాద్ చేలో సగం కాయ నేలలోనే మొలిచింది. వాడి కాయ అప్పటికి ముదరలేదు, వాడు చేయగలిగింది ఏమీ లేదు. మా పంటలో తాలు ఎక్కువే పోయింది. అది పోగా విత్తనానికి నాలుగు మూటలు ఎత్తిపెట్టాను, పెచ్చుతోనే.

మరుసటి ఏడు మే నెలలో అందరూ మూతికి గుడ్డ కట్టుకుని ఇళ్ళల్లో ఉన్నప్పుడు మునిప్రసాద్ వాకిట దూరంగా నిలబడి విత్తనం అడిగాడు. ఒక మూట గడప బయట పెట్టించాను. ఇప్పుడే ఒలవొద్దు అని మూడుసార్లు చెప్పాను. ఈసారి వాడు సముద్రం గురించి ఎగతాళి చేయలేదు. అది ఎట్లా ఉందో అడిగి చెప్పమన్నాడు.

రేవతికి ఫోను చేశాను.

“ఇప్పుడే తెలీదవ్వా. వానలు మొదలు కాకముందు ఎటు ఒరుగుతాదో చెప్పడం శానా కష్టం. జూన్ రానీ.”

“అంతదాకా నేనేం జేసేది?”

“ఒలవకుండా కూర్చో.”

ఆమె నవ్వింది. నేను ఫోను పెట్టేసి మూడు మూటలూ ఒకసారి తాకి చూశాను. ఒక మూట తాడు విప్పి, చేయి లోపల పెట్టి, కాయలు గలగలమంటుంటే వెంటనే తీసేసి మళ్ళీ కట్టాను. మధ్యాహ్నానికి ఇంకోసారి విప్పి చూశాను.