చల్లగా ఉన్న ముందు ముక్క

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన ఊరికే అనడు. ఆ సోమవారం అది క్లాసందరి ముందూ ఒక పిల్ల నెత్తిన పడింది.

మా కాలేజీ ప్రయోగశాలలో గాలి సొరంగం ఉంది. పొడుగాటి పెట్టె, ఒక చివర ఫ్యాను, లోపల చదునైన ప్లేటు. గాలి మొదట తగిలే అంచు నుంచి ఇరవై సెంటీమీటర్ల దాకా ఒక ముక్క, ఆ వెనక పొడుగు ముక్క ఇంకొకటి. దేని హీటరు దానిదే. రెండింటినీ ఒకే వేడి మీద ఉంచి, అంచుకు పాతిక సెంటీమీటర్ల దగ్గరున్న సెన్సరుతో అక్కడ ప్లేటు గాలికి ఎంత బాగా వేడిని వదులుతోందో కొలవాలి. అదే ఆ చోటి ఉష్ణ బదిలీ గుణకం. సూత్రం ప్రకారం 5.6 రావాలి.

ఆ పిల్ల 10.4 తెచ్చింది. క్లాసులో అందరూ ఆమెను పిడుగు అంటారు. ప్రశ్న అడిగిందంటే నేను నీళ్లు తాగి గానీ జవాబు చెప్పలేను.

"ఏంటే ఇది?"

"రీడింగే మేడం. మూడుసార్లు తీశా, అంతే వచ్చింది."

"మూడుసార్లు కాదు, ఒక్కసారి కూడా తీసుండవు. ఇంట్లో కూర్చుని వండుకొచ్చావు!"

క్లాసు గొల్లుమంది. ఆ నవ్వుతో నాకు ఇంకాస్త ఊపొచ్చింది.

"దొంగ లెక్కలని పైకి రాశానంటే నీ డిగ్రీ ఆగిపోతుంది. తప్పు ఒప్పుకో, ఇక్కడితో వదిలేస్తా."

పిడుగు నా ముఖంలోకి చూసింది.

"తప్పే మేడం. ఆ అంకె నేనే వేశా" అంది నేలచూపులు చూస్తూ.

బుద్ధి చెప్పానని మురిసిపోయాను. ఇంటికెళ్లి మా ఆయనకు గొప్పగా చెప్పాను కూడా.

గురువారం వేరే బ్యాచికి చూపించడానికి ముందుగా నేనే రీడింగ్ తీశాను. 10.4. సెన్సరు పాడైందని తిట్టుకున్నాను, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. సెన్సరు మార్చినా అదే అంకె. ఫ్యాను ఆపి లోపలికి చెయ్యి పెట్టాను. వెనక ముక్క వెచ్చగా ఉంది. ముందు ముక్క చల్లగా ఉంది.

స్విచ్చుల బోర్డు మీద దాని ఎర్ర దీపం మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. వెనక మూత విప్పితే తెగిన తీగలు, కొసలకు చుట్టిన నల్ల టేపు. సెలవుల్లో ఆ హీటరు కాలి కంపు కొడితే విసుక్కుంటూ కత్తిరించింది నేనే. కొత్తది వేయిద్దామనుకుని మర్చిపోయాను. ఎవరికీ చెప్పలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగను నేనే.

5.6 అనేది అంచు నుంచీ వేడెక్కిన ప్లేటు లెక్క. ముందు ముక్క చల్లగా ఉంటే, ప్లేటుకు రాసుకుని నెమ్మదించే గాలి పొర అంచు దగ్గరే మొదలవుతుంది గానీ వేడెక్కే పొర మాత్రం ఇరవై దాటాకే పుడుతుంది. పాతిక దగ్గరికి దాని వయసు అయిదు సెంటీమీటర్లే. అంత పల్చటి పొరలోంచి వేడి సులువుగా జారుకుంటుంది. గాలి అలజడి లేకుండా సాగేటప్పుడు దానికో సవరణ ఉంది. ఇరవైని పాతికతో భాగించి, మూడు బై నాలుగు ఘాతానికి ఎత్తి, ఒకటిలోంచి తీసేసి, ఘనమూలం కట్టి, దాంతో 5.6ను భాగించాలి. ఏటా బోర్డు మీద నేనే రాస్తాను. అక్కడే లెక్క కట్టాను. 10.4 వచ్చింది.

ఆ పిల్ల దశాంశంతో సహా నిజం చెప్పింది. నేనా నిజాన్ని అబద్ధమని ఆమె నోటితోనే అనిపించాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. సిగ్గుతో అన్నం సయించలేదు.

మర్నాడు క్లాసులో నిలబడి అంతా చెప్పాను. తీగ కత్తిరించింది నేను, మర్చిపోయింది నేను, ఆమె రీడింగే సరైనది అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నన్ను క్షమించు తల్లీ" అన్నాను.

"అయ్యో, పర్లేదు మేడం" అంది మర్యాదగా. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

కొత్త హీటరు వేయించాక ఆమెనే పిలిచాను. నా ముందే తియ్యి, అందరికీ నువ్వే చూపించు అన్నాను. ఫ్యాను తిరిగింది. రెండు ముక్కలూ వేడెక్కాయి. మీటరులో అంకె నిలకడకు వచ్చింది.

"ఊఁ, రాసుకో" అన్నాను.

పిడుగు పెన్ను తీసింది. మీటరు వైపు చూడలేదు. నా వైపే చూసింది.

"ఎంత రావాలి మేడం?" అంది.