సూళ్లూరుపేటలో ఖాళీ

రేణిగుంటలో ఫోన్ విడిభాగాల ఫ్యాక్టరీ మూతపడ్డాక, అక్కడ క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా చేసిన పవిత్ర ఉద్యోగం వెతకడాన్నే ఉద్యోగంలా పెట్టుకుంది. వారానికి పది దరఖాస్తులు, పాత సహోద్యోగులకు అయిదు ఫోన్లు, ఆదివారం మొగుడు గుణశేఖర్‌తో ఇంటర్వ్యూ ప్రాక్టీసు. ఎక్కడ దరఖాస్తు పెట్టిందీ, ఎవరితో మాట్లాడిందీ, మళ్లీ ఎప్పుడు కదిలించాలో ఫోన్లోని షీటులో ఎక్కించేది. నెలలు గడిచినా వరుస వరుసకీ "జవాబు లేదు" అనే ఉండేది.

ఆశ పెట్టినవాడు పూతలపట్టు ఢిల్లీబాబు ఒక్కడే. పాత ఫ్యాక్టరీలో ఆమె పక్క లైన్లో చేసినవాడు, ఇప్పుడు సూళ్లూరుపేట దగ్గర ఒక కంపెనీలో చేరినాడు. "ఈడ ఖాళీ వస్తే నీ పేరే చెప్తానక్కా, రెజ్యూమే పంపు" అన్నాడు. పంపింది. తర్వాతి వారం షీటు ప్రకారం ఫోన్ చేస్తే తీయలేదు. ఆ పైవారమూ తీయలేదు. విసిగించానేమోనని సిగ్గుపడి మానుకుంది.

అంతలో ఆ కంపెనీయే ఇంటర్వ్యూకి పిలిచింది. అన్నిటికీ తడబడకుండా జవాబు చెప్పింది. చివర్లో, ఇంట్లో ప్రాక్టీసు చేసినట్టే అడిగింది.

"ఇది కొత్త పోస్టా సార్, ఎవరైనా మానేశారా?"

మేనేజరు తల దించుకున్నాడు.

"ఢిల్లీబాబుదమ్మా. డ్యూటీ దిగి పోతావుంటే లారీ గుద్ది చనిపోయినాడు. మీ రెజ్యూమే ఆయన ఇచ్చిందే."

సాయంత్రానికి ఉద్యోగం ఖాయమని ఫోన్ వచ్చింది. గుణశేఖర్ ఆమె మొహం చూసి, "చేరతావా?" అన్నాడు మెల్లగా.

"చేరకుండా ఎట్లా? ముందు పూతలపట్టుకు పోదాం. ఆయప్ప ఉద్యోగంలో చేరేది నేనేనని వాళ్ల పెండ్లానికి నేనే చెప్పాల."

అని గోడకు ఆనుకుని ఏడ్చింది.