జంపక్క పొయ్యి మాట

మా మంగయ్య మామకు పొయ్యిలు కట్టడం వచ్చు, ఊరుకోవడం రాదు. ఏన్కూరు నుంచి సైకిలు మీద ఊరూరా తిరిగి పొగగొట్టం పెట్టిన మట్టిపొయ్యిలు కట్టేవాడు. ఆ ఏడు గిరాకీ పడిపోయింది. కేబుల్ టీవీలో ప్రకటన వేయించకపోతే పని మానుకోవాల్సిందేనని, ఖమ్మంలో ప్రకటనలు రాసే నా దగ్గరికొచ్చాడు. తనతో పొయ్యి కట్టించుకున్న ములకలపల్లి దగ్గరి జంపక్క మాటలు టేపులో పట్టుకొచ్చాడు.

"రెండు దినాలొచ్చే కట్టెల మోపు మూడు దినాలొస్తంది. పొగ తగ్గింది. దవాఖానా గోళీలు వేసుకుంటున్న, దగ్గు గూడ తగ్గింది."

"దగ్గు నయం చేసే పొయ్యి అని రాయి బిడ్డా," అన్నాడు మామ.

నాకు ఒళ్లు మండింది. గోళీలతో తగ్గిందో, పొయ్యితో తగ్గిందో ఎవరికి తెలుసు? దగ్గు మాట కొట్టేశాను. మిగతాది "మా ఇంట్ల" అని మొదలుపెట్టి ముప్పై సెకన్లకు కుదించాను. జంపక్క విని సరేనంటేనే వేస్తానన్నాను. మామ ఎదురుగా ఉంటే ఆమె కాదనలేకపోతుందని, నేనొక్కదాన్నే బస్సెక్కాను.

చదివి వినిపిస్తే ఆమె ముఖం చిన్నబోయింది.

"గింతేనా? ఎండల సైకిలు మీద మట్టి మోసుకొచ్చి కట్టిండు మంగన్న. మేలు చేసినోన్ని కొలిచి కొలిచి పొగుడుతరా? పొగే లేదని రాయి. దవాఖానా బంద్ చేసిన్నని రాయి!"

ఆమె ప్రేమ చూస్తే ముద్దొచ్చింది. కానీ ప్రేమ కోసం అబద్ధం రాయలేను కదా.

"అక్కా, పొగే ఉండదని విని రేపు మీ చెల్లె కట్టించుకున్నదనుకో. వానకు నానిన కట్టె పెట్టింది. ఇల్లంత పొగ. ఎవరిని తిడుతది?"

జంపక్క పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"మంగన్ననే," అంది. తర్వాత తనే అందుకుంది: "కట్టిననాడే చెప్పిండు. ఎండు కట్టె పెట్టాలె, గొట్టం మసి దులపాలె, అప్పుడే పొగ తగ్గుతదని. గది గూడ రాయి."

రాశాను. చివరికి ఇంకో మాట ఆమే చెప్పింది. మొత్తం మళ్లీ చదివి వినిపించి, ఆమె గొంతుతోనే టేపు చేసుకున్నాను. పేరు, ఊరు, గొంతు వాడుకోమంది, ముఖం మాత్రం వద్దంది. కేబుల్ వరకే ఒప్పుకుంటున్నానని టేపులోనే చెప్పింది. వేరే చోట వేయాలంటే మళ్లీ అడగాలి.

ప్రకటన వచ్చిన సాయంత్రం మామ మా ఇంట్లోనే ఉన్నాడు. తెరమీద పొయ్యి, జంపక్క చేతులు. దగ్గు మాట రాకపోయేసరికి మామ మూతి ముడిచాడు. అంతలో ఆఖరి మాట వినిపించింది.

"మంగన్న ఏం చెప్పిండో గంతే ఉన్నది."

"ఇది నువ్వు రాసినవా?"

"ఆమె మాటే మామా."

మామ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. మాది గ్యాసు పొయ్యి, పొగ వల్లనేమో అని సర్దుకోవడానికి కూడా వీల్లేదు.

మామ ఫోన్ మోగింది, స్పీకరు నొక్కాడు. ప్రకటన చూసిన ఎవరో ఆడమనిషి. "నానిన కట్టె పెడితే పొగొస్తదా?"

మామ నా వైపు ఒకసారి చూశాడు.

"వస్తదమ్మా," అన్నాడు.

"నిజం చెప్పినవ్ అన్నా. రేపొచ్చి కట్టు."