మంగళవారం లిఫ్టు ఉత్తరం

ఆ మంగళవారం ఒక్క జవాబూ రాలేదు.

మేస్త్రి మూడుసార్లు మెయిలు తెరిచి చూశాడు. ఉత్తరం వెళ్లింది. ఆరువందల నలభై మంది మెకానిక్కుల్లో నాలుగువందల మందికి పైగా తెరిచి చదివారని లెక్క చూపిస్తోంది. చదివినవాళ్లు నోరెత్తలేదు. మామూలుగా పొద్దున తొమ్మిదయ్యేసరికి పాతికమందైనా ఏదో ఒకటి రాసేవాళ్లు. "మేస్త్రీ, నువ్వు చెప్పింది తప్పు" అని తిట్టేవాడైనా ఒకడుండేవాడు.

ముప్పైనాలుగేళ్లు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి అతను. భార్య పోయి మూడేళ్లు. ఆవిడ బతికున్నన్నాళ్లూ రాత్రి భోజనాల దగ్గర ఆ రోజు ఏ లిఫ్టు ఎందుకు ఆగిందో చెబితే వినేది. ఆవిడ పోయాక వినే మనిషి లేక, రాయడం మొదలుపెట్టాడు. ప్రతి మంగళవారం మెయిల్లో ఒక ఉత్తరం, అందులో ఒక్క ఫాల్టు. లిఫ్టు మెకానిక్కులకు తప్ప మరెవరికీ పనికిరాని సంగతి. ముందు ఏం అనుకున్నాను, ఎక్కడ పొరబడ్డాను, చివరికి ఏం దొరికింది. మెకానిక్కులు డ్యూటీ ఎక్కకముందు, ఆరింటికల్లా వాళ్ల ఫోన్లో ఉండాలి. ప్రకటనలు లేవు, సూక్తులు లేవు, పండగ శుభాకాంక్షలు లేవు. జవాబు రాసిన ప్రతివాడికీ తిరిగి జవాబు.

అన్నిటికన్నా జనం కాచుకుని చదివేది చివరి భాగం. "నా తప్పు" అని దాని పేరు. ఎవడో ఒక మెకానిక్కు తను చేసిన తప్పు రాసి పంపుతాడు. మేస్త్రి పేరూ ఊరూ బిల్డింగూ తీసేసి వేస్తాడు. పై అధికారికి చెప్పలేనిది అతనికి చెప్పేవాళ్లు.

ఉత్తరం పంపే ఏర్పాటంతా అల్లుడు చూసేవాడు. ఏదో మార్కెటింగ్ ఉద్యోగం. మామగారి ఉత్తరం చూసి అతనికి చెయ్యి దురద.

"మామయ్యా, ఒక్క లిఫ్టులేంటి? ఏసీలు, జనరేటర్లు, ఇంటి రిపేర్లు కూడా కలుపుదాం. ఆరువందలు ఆరువేలవుతారు."

"ఆరువేలమందికి నేను చెప్పేదేం లేదయ్యా."

"వారానికి ఒకటంటే ఎవరు గుర్తుపెట్టుకుంటారు? రోజుకొకటి పంపాలి."

"రోజూ కొత్త ఫాల్టు నువ్వు తెస్తావా? నీకు స్క్రూడ్రైవరు ఏ వైపు పట్టుకోవాలో తెలుసా?"

కూతురు నవ్వింది. అల్లుడూ నవ్వాడు. అక్కడితో పోయిందనుకున్నాడు మేస్త్రి.

మధ్యాహ్నం ఫోను మోగింది. ఉత్తరానికి మొదటి వారం నుంచీ పాఠకుడు. బట్టతల కాబట్టి అందరూ గుండాయన అంటారు.

"మేస్త్రీ, ఇవాళ ఎవరూ రాయలేదు కదూ?"

"లేదు. ఏమైంది మీకందరికీ?"

"ఏమీ తెలియనట్టు అడక్కు. వైరు సంగతి రాసినవాడి ఉద్యోగం ఊడింది. నిన్న కంపెనీవాళ్లు వాడి ఉత్తరమే వాడి ముందు పెట్టారట. పేరుతో, మెయిలు అడ్రసుతో సహా. అది నీకు తప్ప ఎవరికి పంపాడు?"

మేస్త్రి ఫోను పెట్టేసి పాత ఉత్తరాల్లోంచి దాన్ని వెతికి తీశాడు.

వైరు సంగతి ఆరు వారాల కిందటిది. తలుపు లాకు పనిచేస్తోందో లేదో కనుక్కోడానికి ఒక మెకానిక్కు దాని కాంటాక్టు రెండు కొసలనూ కలుపుతూ వైరు ముక్క పెట్టాడు. పనయ్యాక తియ్యడం మరిచి పానెల్ మూసేశాడు. ఆ వైరు ఉంటే తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదులుతుంది. వీధి చివరికి వెళ్లాక గుర్తొచ్చింది. పరిగెత్తుకొచ్చి మెయిన్ స్విచ్ ఆపి తీసేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటి నుంచి ఎర్రటి పొడుగు వైర్లే వాడుతున్నానని, అవి లోపలుంటే పానెల్ తలుపు పడదని, నంబర్లు వేసి వెళ్లేముందు లెక్కపెట్టుకుంటున్నానని రాశాడు. దానికి తొంభై జవాబులొచ్చాయి. మేస్త్రి ఎన్నడూ అంత పనికొచ్చే సంగతి అచ్చువేయలేదు.

సాయంత్రం కూతురూ అల్లుడూ వచ్చారు.

"ఆ వైరు ఉత్తరం ఎవరికిచ్చావు?"

అల్లుడు దాచలేదు. అదే మేస్త్రికి ఎక్కువ మండింది.

"కంపెనీవాళ్లు స్పాన్సర్ చేస్తామన్నారు మామయ్యా. వాళ్ల మెకానిక్కులందరినీ చేర్పిస్తామన్నారు. మన పాఠకులు నిజమైనవాళ్లేనా అని అడిగితే, బాగా పేలిన ఉత్తరం, దానికొచ్చిన జవాబులు ఒక రిపోర్టులో పెట్టి పంపాను. వాడు వాళ్ల మనిషేనని నాకేం తెలుసు?"

"ఎవడి మనిషైనా! పేర్లెందుకు పెట్టావు?"

"పేర్లు లేకపోతే మనమే రాసుకున్నామంటారు. మీ మంచికే చేశాను."

"కంచే చేను మేసింది, ఇంకా మంచా! వాడు నీకు రాశాడా? కంపెనీకి రాశాడా? నాకు రాశాడు. నా మొహం చూసి రాశాడు."

"నాన్నా, ఆయన కావాలని చెయ్యలేదు," అంది కూతురు.

"వైరు పెట్టినవాడూ కావాలని చెయ్యలేదమ్మా. వాడు పరిగెత్తుకెళ్లి తీశాడు. ఈయన కుర్చీలో కూర్చుని మంచంటున్నాడు."

పాస్‌వర్డు కాగితం మీద రాయించుకున్నాడు. దాన్ని ఎలా మార్చాలో కూడా చెప్పించుకుని, వాళ్ల ఎదురుగానే మార్చాడు. అల్లుడికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

మర్నాడు కంపెనీకి వెళ్లాడు. సేఫ్టీ మేనేజరు గది. గోడ మీద కొత్త పోస్టరు, దాని మీద కంపెనీ గుర్తు. "పొడుగు ఎర్ర వైర్లే వాడండి. నంబర్లు వేయండి. వెళ్లేముందు లెక్కపెట్టండి."

మేస్త్రి దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఈ మాటలు ఎవరివండీ?"

"మా సేఫ్టీ విభాగం తయారుచేసింది. అన్ని మోటారు రూముల్లోనూ అంటిస్తున్నాం."

"మీరు పీకేసినవాడి మాటలివి. ఒక్క మాట మారలేదు."

"అతను రూలు తప్పాడు పెద్దాయనా."

"తప్పాడు. తప్పానని చెప్పాడు కూడా. రేపు ఇంకొకడు వైరు మరిచిపోతే ఏం చేస్తాడు? నోరు మూసుకుంటాడు. వైరు అక్కడే ఉంటుంది. పోస్టరు గోడ మీద ఉంటుంది."

మేనేజరు గడియారం చూసుకున్నాడు. మేస్త్రి లేచి వచ్చేశాడు.

ఉద్యోగం పోయిన మెకానిక్కు ఇల్లు గుండాయన చూపించాడు. రెండో అంతస్తు, మెట్లే. తలుపు తీసిన మనిషికి నలభై ఉంటాయి. లోపలికి రమ్మనలేదు.

"ఎందుకొచ్చారు? క్షమించమని అడగడానికా?"

"కాదు. అడిగే మొహం లేదు. నా ఇంట్లోంచే బయటికి పోయింది నీ ఉత్తరం. అది వచ్చే మంగళవారం నా పేరుతో 'నా తప్పు'లో రాస్తున్నాను. నీ పాత ఉత్తరాలన్నీ చెరిపేశాను. అందరివీ చెరిపేశాను." పోస్టరు సంగతి కూడా చెప్పాడు.

ఆ మనిషి తలుపు అంచు పట్టుకుని నిలబడ్డాడు. "నా మాటలేనా?"

"అక్షరం పొల్లుపోలేదు."

"పేరు?"

"కంపెనీది."

"అయితే నా పేరు వెయ్యండి. వైరు మరిచినవాడినీ నేనే, లెక్కపెట్టమన్నవాడినీ నేనే అని వెయ్యండి. ఇక దాచుకునేదేముంది? ఉద్యోగం ఎలాగూ మింగేశారు. మాట కూడా మింగనివ్వను."

"ఆలోచించుకో. ఒకసారి వెళ్లిందంటే తిరిగి రాదు."

"అది మీకిప్పుడు తెలిసిందా?" అని తలుపు వేసేశాడు.

మంగళవారం ఆరింటికి ఉత్తరం వెళ్లింది. ఆ వారం ఫాల్టు లేదు. ముందు మేస్త్రి తప్పు, ఎవరి చేతిలో ఎలా జరిగిందో, అల్లుడని కూడా దాచకుండా. తర్వాత పోస్టరు మాటలు. వాటి కింద ఆ మెకానిక్కు పూర్తి పేరు. ఇకమీదట "నా తప్పు"కు మెయిలు వద్దని, ఫోను చేస్తే విని రాసుకుంటానని, పేరు అడగనని చివర రాశాడు.

తొమ్మిదికల్లా డెబ్భై రెండుమంది తమ పేర్లు జాబితాలోంచి తీసేయమన్నారు. తీసేశాడు. బతిమాలలేదు.

కూతురు ఫోను చేసింది. "ఆయన్ని నలుగురిలో అల్లరి చేశావు నాన్నా. ఇంక మీ ఇంటికి రానంటున్నారు."

"నువ్వు రామ్మా."

"అంతేనా?"

"అంతే."

మధ్యాహ్నం దాకా ఫోను మోగలేదు. రెండింటికి తెలియని నంబరు. వెనకాల మోటారు హోరు.

"మేస్త్రి గారేనా? పేరు అడగనన్నారు."

"అడగను. చెప్పు."

"బ్రేకు సంగతండీ. ఇంకా ఎవరికీ చెప్పలేదు."

"మెయిన్ స్విచ్ ఆపావా?"

అవతల మోటారు హోరు అలాగే ఉంది.

"ముందు ఆపు నాయనా," అన్నాడు మేస్త్రి. "ఆపి వచ్చి చెప్పు. ఫోను పట్టుకునే ఉంటాను."