పెద్దకోడలు పెట్టిన హెచ్చరిక

పెద్దకోడలికి చిన్నకోడలంటే ఒళ్లు మంట. దాచడానికేమీ లేదు, ఊరంతటికీ తెలిసిందే. పెద్దామె ఊరి ఆఫీసులో గుమాస్తా, చిన్నామె ఆస్పత్రిలో నర్సు. అత్తగారికి నోరు తెరిస్తే "మా నర్సమ్మ" అన్న మాట తప్ప ఇంకోటి రాదు. సరే, అదీ ఓర్చుకుంది. తుఫాను కబుర్లు పంపే ఊరి వాట్సాప్ గ్రూపుకి మాత్రం ఎనిమిదేళ్లుగా తనొక్కతే అడ్మిన్. పోయిన నెల నర్సమ్మనీ అడ్మిన్‌ని చేశారు. అప్పటినుంచి ఆవిడకి అన్నం సయించడం లేదు.

ఆ మధ్యాహ్నం రెండింటికి పై ఆఫీసు నుంచి మూడు పేజీల హెచ్చరిక దిగింది. తెల్లవారేలోగా తుఫాను తీరం దాటుతుంది, సాయంత్రం ఐదుకల్లా జనం షెల్టర్‌కి చేరాలి. ఈ కాగితం చిన్నదానికీ వచ్చే ఉంటుంది. అది పెట్టేలోపు తను పెట్టాలి. మొదటి పేజీ చూసి, నిరుటి తన మెసేజ్‌నే తీసి, తేదీ, వేళ మార్చి వదిలేసింది. షెల్టర్ అన్నచోట "మార్కెట్ గోదాము" అలాగే ఉండిపోయింది. నిమిషంలో ముప్పై దండాలు వచ్చాయి. ఆవిడ కడుపు చల్లబడింది.

పది నిమిషాలకు నర్సమ్మ మెసేజ్ వచ్చింది.

"ఐదులోపు హైస్కూలు పై అంతస్తుకి రండి. గోదాముకి వెళ్లొద్దు, కప్పు పాడైంది. మందులు, కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. గ్యాస్, మెయిన్ స్విచ్ ఆపేయండి. పశువుల తాళ్లు విప్పేయండి. గాలి ఉన్నట్టుండి ఆగినా బయటికి రావద్దు, మళ్లీ వీస్తుంది. నడవలేనివాళ్లుంటే హెల్ప్‌లైన్‌కి చెప్పండి, బండి వస్తుంది."

కింద హెల్ప్‌లైన్ నంబరు. చదవలేనివాళ్ల కోసం అదే మాట తన గొంతుతో.

పదిమందిలో నన్నే దిద్దుతుందా అని పెద్దామె ఆ రెండూ తుడిచేసింది. తర్వాత, దాని తప్పు రుజువు చేద్దామనే రెండో పేజీ తిప్పింది. షెల్టర్: హైస్కూలు. వెంటనే చిన్నదానికి ఫోన్ చేసింది.

"నీ మెసేజ్ నేనే తీసేశానే. కుళ్లుతో తీసేశాను. మళ్లీ పెట్టు."

"పెడతానక్కా. కానీ నీది తప్పని నువ్వే రాయి, అప్పుడే నమ్ముతారు. నేను మైకు పట్టుకుని వీధుల్లోకి పోతా."

"రెండింటికి నేను పెట్టింది తప్పు. హైస్కూలుకే వెళ్లండి" అని తన పేరుతోనే రాసి, దారి తప్పినవాళ్లని మళ్లించడానికి గోదాముకి పరుగెత్తింది. అప్పటికే గాలి లేచింది. తాళం వేసిన తలుపు ముందు ఒకే ఒక మనిషి మూటతో కూర్చుని ఉంది. అత్తగారు.

"అత్తా, మైకు వినబడలేదా?"

"వినబడింది. నర్సమ్మే చెప్పింది, స్కూలుకి రమ్మని. నేను కదల్లేదు. గోదామని మా పెద్దకోడలు రాసింది, ఎనిమిదేళ్లలో దాని మాట ఒక్కసారీ తప్పలేదు పొమ్మన్నా."

ఈ ఒక్క మాట కోసమే ఇన్నేళ్లూ ఏడ్చింది పెద్దామె. తీరా చెవిన పడితే తల ఎత్తలేకపోయింది.

"ఈసారి తప్పింది అత్తా. నర్సమ్మ చెప్పిందే నిజం, పద" అంటూ మూట అందుకుంది.